హైదరాబాద్ కుర్రాళ్ల మాటల్లో ఇంగ్లీషు ఎక్కడ ఆపాలి?

నేను రాస్తున్న కథలో గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఇద్దరు రూమ్మేట్లు మాట్లాడుకుంటారు. "సమావేశాన్ని రద్దు చేశాను" అంటే వార్తలు చదివినట్టుంది. "ఐ క్యాన్సిల్డ్ ద మీటింగ్ రా" అంటే అతికించినట్టుంది. "మీటింగ్ క్యాన్సిల్ చేశా రా" మాత్రం కుదిరింది: మాట ఇంగ్లీషుదైనా క్రియ ముగింపు తెలుగుదే. "క్యాన్సిల్ అయింది" అంటే ఎవరు చేశారో దాచేయొచ్చు కూడా.

చిక్కంతా బహువచనం దగ్గర, కోపం దగ్గర. 24 ఏళ్లవాడు "ఫైల్స్ పంపు" అంటాడా, "ఫైళ్లు పంపు" అంటాడా? "టికెట్లు" అందరూ అంటారు కదా, మరి బాగా పాతబడ్డ అరువు మాటలకే 'లు' అంటుకుంటుందా? గొడవ ముదిరితే పూర్తి తెలుగులోకి జారతారా, "డోంట్ టాక్ టు మీ" అని పూర్తి ఇంగ్లీషులోకా? అదే కుర్రాడు అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏ మాటలు మార్చాలి? మీరు విన్న వాక్యాలతో చెప్పండి.