ఎలక్ట్రీషియన్ పరిచయంలో లైసెన్సు, అనుభవం ఎలా రాయాలి?

వెంకటరమణ:
ఇళ్లకు, చిన్న దుకాణాలకు వైరింగ్ పని చేస్తాను. నా పరిచయం ఇలా రాసుకున్నాను:

“నైపుణ్యం, నమ్మకం మా ప్రత్యేకత. 20 ఏళ్ల అనుభవం. ప్రభుత్వ లైసెన్సు ఉంది. అన్ని రకాల విద్యుత్ పనులు వంద శాతం భద్రతతో, తక్కువ ధరకు చేస్తాము.”

దీన్ని చూసి ఫోన్ చేసినవాళ్లు రేటు అడిగి పెట్టేస్తున్నారు. పని గురించి మాట్లాడేవాళ్లే లేరు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. లోపం ఎక్కడ ఉందో చెప్పండి.

సత్యవతి:
నేను పని చేయించుకునే వైపు నుంచి చెబుతాను. ఒక రాత్రి మా మెయిన్ బోర్డు నుంచి కాలిన వాసన వచ్చింది. అప్పుడు నలుగురి పరిచయాలు చదివాను. ముగ్గురు “నమ్మకమైన” అని రాసుకున్నారు. నాలుగో ఆయన మాత్రం “బోర్డు వేడెక్కినా, వాసన వచ్చినా మెయిన్ ఆపేసి ఫోన్ చేయండి. వచ్చాక ముందు వదులైన కనెక్షన్లు చూస్తాను, కారణం మీకు చూపించాకే సామాను మారుస్తాను” అని రాశారు. ఆయనకే ఫోన్ చేశాను. ఆయనకు లైసెన్సు ఉందో లేదో ఆ రాత్రి చూడనే లేదు. నిజానికి చూసి ఉండాల్సింది.

కిరణ్:
ఇంత ఆలోచన అక్కర్లేదు. లైసెన్సు ఫోటో తీసి పరిచయంలో పెట్టేయండి. కళ్లతో చూశాక ఎవరైనా నమ్ముతారు.

నారాయణరావు:
కిరణ్ గారూ, లైసెన్సు చూపించాలన్న మాట సరైనదే, ఫోటో మాత్రం వద్దు. చాలా లైసెన్సుల మీద పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, సంతకం ఉంటాయి. ఆ బొమ్మలో పేరు మార్చి వేరొకరు వాడుకోవడం కష్టమేమీ కాదు. పైగా, గడువు తర్వాత పునరుద్ధరించారో లేదో, మధ్యలో రద్దయిందో బొమ్మ చెప్పదు. లైసెన్సు రకం, నంబరు, ఇచ్చిన కార్యాలయం, ఏ నెల వరకు చెల్లుతుందో అక్షరాల్లో రాస్తే చాలు. అనుమానం ఉన్నవాళ్లు ఆ నంబరుతో కార్యాలయంలో విచారించుకుంటారు. అసలు కార్డు ఇంటికి వెళ్లినప్పుడు చూపించండి.

వెంకటరమణ గారూ, రెండు ప్రశ్నలు. ఆ లైసెన్సు ఎవరి పేరున ఉంది? 20 ఏళ్లు ఎప్పటి నుంచి లెక్కపెట్టారు?

వెంకటరమణ:
లైసెన్సు నా పేరునే ఉంది, వైర్‌మ్యాన్‌ది. 2004లో మా మేనమామ దగ్గర సహాయకుడిగా చేరాను. 2011లో వైర్‌మ్యాన్ లైసెన్సు వచ్చింది. 2013 నుంచి సొంతంగా పనులు చూసుకుంటున్నాను. ఇప్పుడు నాతో ఇద్దరు కుర్రాళ్లు వస్తారు, వాళ్లకు లైసెన్సు లేదు. పెద్ద పనులను కాంట్రాక్టరు లైసెన్సు ఉన్న ఒకాయన కింద చేస్తాను.

నారాయణరావు:
చిక్కు ఇక్కడే ఉంది. “లైసెన్సు ఉంది, చేస్తాము” అని చదివినవాళ్లు వచ్చే ముగ్గురికీ లైసెన్సు ఉందనీ, పని మొత్తం మీ బాధ్యత మీదే జరుగుతుందనీ అనుకుంటారు. స్వయంగా వైరింగ్ చేయడానికి ఇచ్చే లైసెన్సు, పనిని ఒప్పందానికి తీసుకునే కాంట్రాక్టరు లైసెన్సు చాలాచోట్ల వేరువేరు. మీకు మొదటిదే ఉంది. ఆ మాట రాస్తే మీ విలువ తగ్గదు. ఎవరు దేనికి జవాబుదారీయో తెలుస్తుంది, అంతే.

ఏళ్ల సంగతికి వస్తే, 20 అన్న అంకె వచ్చే ఏడాదికే పాతబడుతుంది. సంవత్సరాలు వేయండి: 2004 నుంచి ఈ పనిలో, 2011 నుంచి లైసెన్సుతో, 2013 నుంచి సొంతంగా. సహాయకుడిగా నేర్చుకున్న కాలాన్ని విడిగా చెప్పినవాడిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. పనుల తనిఖీకి తిరిగిన రోజుల్లో నేను మొదట అడిగేది అదే: నీ చేతిమీదుగా ఎప్పటి నుంచి?

మస్తాన్:
నేను ప్లంబర్‌ని. మా పనికి మా దగ్గర లైసెన్సే లేదు, మరి నేనేం రాయాలి? అన్నట్టు, పనిముట్ల జాబితా రాస్తే బాగుంటుందా? నా దగ్గర మంచి డ్రిల్లు, పైపు కోసే యంత్రం ఉన్నాయి.

సత్యవతి:
మస్తాన్ గారూ, డ్రిల్లు పేరు చదివి నాకేమీ తెలియదు. గోడ లోపలి పైపు మూసే ముందు ఒత్తిడి పెట్టి లీకు చూస్తారా? చూసేటట్టయితే ఆ మాట రాయండి. గోడ పగలగొట్టించుకున్న అనుభవంతో చెబుతున్నాను.

కిరణ్:
ఎలక్ట్రీషియన్ కూడా అలాగే రాయొచ్చు. “పని అయ్యాక, కరెంటు లీకైతే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి ఎర్తింగ్ సరిగ్గా ఉందని చూపిస్తాను” అంటే జనం కళ్లారా చూస్తారు.

నారాయణరావు:
పని అయ్యాక పరీక్షించి చూపిస్తానని రాయడం మంచి ఆలోచన. కానీ ఆ బటన్ ఎర్తింగ్ గురించి ఏమీ చెప్పదు. ఎర్త్ వైరు అసలు లేని ఇంట్లోనూ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ పడిపోతుంది. దాని లోపలి యంత్రాంగం కదులుతోందన్న సంగతే తెలుస్తుంది. ఎర్తింగ్‌ను విడిగా కొలవాలి. తెలిసినవాడు ఎవరైనా ఆ వాక్యం చదివితే పరిచయం మొత్తాన్ని అనుమానిస్తాడు.

వెంకటరమణ గారి దగ్గర వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉంటే దాని గురించి రాయవచ్చు. సప్లై ఆపి, ఎలక్ట్రానిక్ సామాను విప్పదీసి, 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ చూడాలి. మామూలు ఇంటి సర్క్యూట్‌లో ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే కారణం తేలేదాకా సప్లై ఇవ్వకూడదు. ఆ రీడింగు రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి. అంకె అర్థం కాకపోయినా, రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది. మెగ్గర్ లేకపోతే మాత్రం ఈ వాక్యం అరువు తెచ్చుకోవద్దు.

వెంకటరమణ:
మెగ్గర్ ఉంది. కాగితం ఇవ్వడం మాత్రం ఇప్పటిదాకా లేదు, ఈ వారం నుంచి మొదలుపెడుతున్నాను. ఇలా మార్చాను, చూడండి:

“ఇళ్లు, చిన్న దుకాణాల వైరింగ్, బోర్డు మరమ్మతులు చేస్తాను. 2004లో సహాయకుడిగా ఈ పనిలోకి వచ్చాను. 2011 నుంచి వైర్‌మ్యాన్ లైసెన్సు ఉంది, 2013 నుంచి సొంతంగా పని చేస్తున్నాను. లైసెన్సు నంబరు, ఇచ్చిన కార్యాలయం, గడువు కింద ఉన్నాయి. అసలు కార్డు వచ్చినప్పుడు చూపిస్తాను. నాతో ఇద్దరు సహాయకులు వస్తారు; బోర్డు కనెక్షన్లు నేనే ఇస్తాను. కొత్త వైరింగ్ పూర్తయ్యాక ఇన్సులేషన్ పరీక్షించి, రీడింగు రాసి సంతకంతో ఇస్తాను. నా పనిలో లోపం వల్ల ఏడాదిలోపు ఇబ్బంది వస్తే కూలి తీసుకోకుండా సరిచేస్తాను. లిఫ్టులు, హైటెన్షన్ పనులు చేయను.”

సత్యవతి:
దీన్ని చదివితే నేను ఫోన్ చేస్తాను. “బోర్డు కనెక్షన్లు నేనే ఇస్తాను” అన్న మాట మొదటి పరిచయంలో ఎక్కడా లేదు. నాకు కావలసింది అదే.

కిరణ్:
“చేయను” అన్న వాక్యం తీసేయండి. వచ్చే పనిని చేతులారా ఎందుకు పోగొట్టుకోవాలి? ఫోన్‌లో చెప్పుకోవచ్చు కదా.

నారాయణరావు:
నేనైతే ఉంచుతాను. అయితే కిరణ్ గారి మాటలోనూ కొంత నిజం ఉంది. లిఫ్టు పని కోసం ఫోన్ చేసినవారే రేపు ఇంటి వైరింగ్ కూడా ఇవ్వవచ్చు. నన్ను ఆపుతున్నది మరో వాక్యం. కాంట్రాక్టరు కింద చేసే పెద్ద పనుల ప్రస్తావన మీ కొత్త పరిచయంలో లేదు. అలాంటి పనిలో ఏడాది హామీ మీరు ఇస్తున్నారా, ఆయన ఇస్తున్నారా?

వెంకటరమణ:
ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రేపు సైట్‌లో కలుస్తాం, అడిగి వచ్చి రాస్తాను. అప్పటిదాకా హామీ వాక్యంలో “నేను నేరుగా తీసుకున్న పనులకు” అని చేరుస్తున్నాను.

మస్తాన్:
నేనూ రాసుకున్నాను: “గోడ మూసే ముందు పైపుకు ఒత్తిడి పెట్టి, కారడం లేదని మీకు చూపిస్తాను.” ఎంతసేపు పెడతానో కూడా రాయాలా?

సత్యవతి:
రాయండి. నేనైతే పక్కన నిలబడి గడియారం చూస్తాను.