థెరపిస్టుకు నా అలసట గురించి ఎలా చెప్పాలి?

మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. బాబుకు ఆరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు వ్యాయామాలు చేయించమని ఫిజియోథెరపిస్టు రాసిచ్చారు. పొలమారకుండా అన్నం తినిపించడానికే పూటకు గంట పడుతుంది. రాత్రి కాళ్లు బిగుసుకుని మూడు నాలుగుసార్లు ఏడుస్తూ లేస్తాడు. నేను వరుసగా రెండు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో!

మొన్న విసుగెత్తి చెంచా నేలకేసి కొట్టాను. బాబు బిక్కమొహం వేశాడు. "కన్నతల్లికి విసుగేమిటి?" అన్నారు అత్తయ్య. ఆస్పత్రిలో "వ్యాయామాలు చేయిస్తున్నారా?" అని అడుగుతారు. చేయిస్తున్నానని అబద్ధం చెప్పి వస్తున్నాను. నువ్వు నిద్రపోతున్నావా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, థెరపిస్టులు ఎవరైనా ఉంటే చెప్పండి. స్నానం చేయించేటప్పుడు, లాగు తొడిగేటప్పుడే కాళ్లు చాపించి, విడిగా చేయించేవి రెండు మూడింటికి తగ్గించమని అడగవచ్చా? అడిగితే తల్లికి బద్ధకమని అనుకుంటారా? రాత్రి బిగుతుకు మందు, పడుకోబెట్టే తీరు గురించి పిల్లల డాక్టరును అడగాలా, నరాల డాక్టరునా? జిల్లా ఆస్పత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రంలో సైకాలజిస్టు ఉంటే, పిల్లవాడితోనే కాక తల్లితోనూ మాట్లాడతారా?