192.168.10.0/24ను విడదీస్తుంటే రౌటర్ ఒప్పుకోవడం లేదు

రికార్డు_బాధితుడు: మూడు ల్యాబ్‌లకు 60, 30, 12 కంప్యూటర్లు, రెండు రౌటర్ల మధ్య ఒక లింకు. చిన్నదానితో మొదలుపెట్టి లింకుకు 192.168.10.0/30 ఇచ్చాను. 12 కంప్యూటర్ల ల్యాబ్‌ను .4 నుంచి మొదలుపెడితే ఇదీ గొడవ:

```
R1(config-if)# ip address 192.168.10.5 255.255.255.240
% 192.168.10.0 overlaps with Serial0/0/0
```

.4 నుంచి ఖాళీయే కదా? రికార్డులో బైనరీ లెక్క కూడా రాయాలా?

కేబుల్_రాజు: ఏళ్ల తరబడి ఆఫీసుల్లో నెట్‌వర్కులు కడుతున్నాను, ఇది నిమిషం పని. /28 అంటే 16 చిరునామాల గుంపు. అది 0, 16, 32 దగ్గరే మొదలవుతుంది, .4 దగ్గర మొదలవదు. మీ .5 పడేది .0 గుంపులోనే, అక్కడ లింకు ముందే కూర్చుంది. పెద్దదాన్ని ముందు పెట్టండి: 60కి .0/26, 30కి .64/27, 12కి .96/28, లింకుకు .112/30.

సుధారాణి: రాజు గారూ, /27లో వాడుకోగలిగినవి 30. ముప్పై కంప్యూటర్లకూ ఇచ్చేస్తే గేట్‌వేకు ఏమిస్తారు?

కేబుల్_రాజు: అడిగింది 30, ఇచ్చింది 30. ప్రశ్నపత్రాల్లో గేట్‌వే అందులోనే కలిసి ఉంటుంది.

సుధారాణి: "30 హోస్టులు" అంటే మీ మాట ఒప్పుకునేదాన్ని. ఇక్కడ ఉన్నది కంప్యూటర్లని. రౌటర్ కంప్యూటర్ల లెక్కలోకి రాదు. 31 కావాలి కనుక .64/26 ఇవ్వాలి, అది .127 వరకూ పోతుంది. ఆ తర్వాత 12కి .128/28, లింకుకు .144/30. అప్పటికీ .148 నుంచి ఖాళీయే. పిసినారితనం ఎందుకు?

పాత_బ్యాచ్: అసలు .0 సబ్‌నెట్ వాడకూడదు. మా రోజుల్లో మొదటిదీ చివరిదీ వదిలేసేవాళ్లం.

సుధారాణి: ఆ నియమం పాతబడిందని 1995లోనే RFC 1878 చెప్పింది. సిస్కో 12.0 నుంచి `ip subnet-zero` తనంతట తానే ఆన్‌లో ఉంటోంది.

పాత_బ్యాచ్: మార్కులు వేసేది RFC కాదమ్మా, మాస్టారు. ఆయన పాత పుస్తకం పట్టుకుంటే ఏం చేస్తావు?

లక్ష్మీ_విలాస్: మా ఇంటి వైఫై 192.168.1.1. ఆఫీసు వీపీఎన్ కలిపితే ప్రింటర్ మాయమవుతోంది. ఇదేనా సమస్య?

సుధారాణి: ఆఫీసులోనూ అవే అంకెలు వాడుతుంటే కావచ్చు. వేరే చర్చ తెరవండి.

రికార్డు_బాధితుడు: సుధారాణి గారి లెక్కతో పెట్టాను, రౌటర్ ఒప్పుకుంది. మొత్తం పింగ్ అవుతోంది.

కేబుల్_రాజు: నా /27తో కూడా పింగ్ అవుతుంది. 29 కంప్యూటర్లు పెట్టి చూడు.

సుధారాణి: ముప్పయ్యోదాన్ని మీ ఇంట్లో పెట్టుకుంటారా?

కేబుల్_రాజు: మాటలు జాగ్రత్త. ఒక్క స్విచ్చైనా బిగించకుండా పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు ఇక్కడ.