లారీ మనుబోలులో ఆపితే అది నేర ప్రయత్నమేనా?

ఒంగోలు_అభ్యర్థి: ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్షకు చదువుతున్నాను. వడ్లు రాష్ట్రం దాటకూడదని ఉత్తర్వు ఉందనుకోండి. నెల్లూరులో లోడ్ చేసి చెన్నైకి బయల్దేరిన లారీని మనుబోలు దగ్గర ఆపారు. డ్రైవర్‌ది నేర ప్రయత్నం అనే అటెంప్టా, మామూలుగా శిక్ష లేని సన్నాహం అనే ప్రిపరేషనా? పంపిన మిల్లు యజమాని మీద కుట్ర నిలుస్తుందా?

కావలి_లారీ: మా తమ్ముడి లారీని ఇలాగే ఆపారు. లోడ్‌లో ఏముందో వాడికి తెలియదు. బండి మూడు నెలలు స్టేషన్లో ఉండి టైర్లు పాడయ్యాయి. కిస్తీ ఎవరు కడతారు?

ఆత్మకూరు_లా: సరుకెక్కించి బండి కదిలించాక ఇంకా ప్రిపరేషన్ ఏమిటి? అది అటెంప్టే.

వకీలు_కందుకూరు: ఇరవై ఏళ్ళుగా క్రిమినల్ వైపే ఉన్నాను, తప్పు చెబుతున్నారు. 1968లో మల్కియత్ సింగ్ కేసు చదవండి. వడ్ల లారీని ఢిల్లీకి 32 మైళ్ళ దూరంలో, సమాల్ఖాలో ఆపారు. అప్పటి పంజాబ్ సరిహద్దు ఢిల్లీకి 18వ మైలు దగ్గర. ఇంకా 14 మైళ్ళు ఉంది. దారిలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగే వీలుంది కాబట్టి ప్రిపరేషనే అని సుప్రీంకోర్టు వదిలేసింది. మనుబోలు నుంచి తమిళనాడు సరిహద్దు ఇంకా చాలా దూరం.

ఆత్మకూరు_లా: మైళ్ళు కొలిచి తీర్పిస్తారా? 1980లో యాకూబ్ కేసులో దేశం దాటించబోయిన వెండి పడవెక్కనే లేదు. సముద్రపు పాయ ఒడ్డున దించుతుండగా పట్టుకున్నారు, శిక్ష పడింది!

వకీలు_కందుకూరు: అక్కడ చీకట్లో ఒడ్డుకు చేర్చి దించారు, దగ్గర్లో మరపడవ ఇంజిన్ చప్పుడు వినిపించింది. ఆ చేష్టలు చూస్తేనే ఉద్దేశం తెలిసిపోయింది. రోడ్డు మీద వెళ్ళే లారీలో ఆ తెలియడం ఏదీ?

ఆత్మకూరు_లా: అయితే సరిహద్దుకు ఒక కిలోమీటరు ముందు ఆపితే? గీత ఎక్కడ గీస్తారో చెప్పండి.

వకీలు_కందుకూరు: కేసును బట్టి చెప్పాలి. స్కేలు పెట్టి గీసే గీత కాదు.

ఒంగోలు_అభ్యర్థి: సార్, కుట్ర సంగతి?

వకీలు_కందుకూరు: అదే అసలు సంగతి. నేరం చేద్దామని ఇద్దరూ ఒప్పుకుంటే భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, 61వ సెక్షన్ కింద కుట్ర అక్కడికే పూర్తవుతుంది, లారీ కదలక్కర్లేదు. కుట్ర ద్వారా ప్రేరేపణ అనాలంటే మాత్రం, 45వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందం మేరకు ఏదో ఒక పని జరగాలి. లోడ్ చేయడం ఆ పనే. కాబట్టి అటెంప్ట్ పోయినా యజమాని మీద కుట్ర నిలవొచ్చు. కానీ ఒప్పందానికి సాక్ష్యం కావాలి. ఫోన్ కాల్స్, వే బిల్లు, ఎవరికి దించాలో చెప్పిన మాట లాంటివి.

ఆత్మకూరు_లా: అటెంప్ట్ కాదన్న సరుకు మీద కుట్ర నడపడం అన్యాయం.

కావలి_లారీ: మా తమ్ముడికి ఒప్పందమే తెలియదు కదా సార్, వాడి మీద కుట్ర ఎలా పెట్టారు? బండి విడిపించడానికి ముందు ఏ పిటిషన్ వేయాలి?