ఫోన్ స్పీకర్ జాలీలో దుమ్ము: ఊదాలా, గీకాలా, అంటించి లాగాలా?

నీలిగొడుగు: నా ఫోన్ మూడేళ్లది. కాల్‌లో అవతలివాళ్ల గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. స్పీకర్ ఆన్ చేస్తే మాత్రం బాగానే ఉంది. పైన చెవి దగ్గరుండే సన్నటి జాలీ నిండా బూడిదరంగు మురికి. సూదితో తీయమని ఒకరు, గాలి కొట్టమని ఒకరు చెబుతున్నారు. ఉన్న దుమ్ము ఇంకా లోపలికి పోకుండా తీసే దారేది?

తుఫాన్‌మెయిల్: సూది జోలికి మాత్రం పోకండి. కీబోర్డులు శుభ్రం చేసే గాలి డబ్బా ఉంటుంది కదా, దాంతో రెండుసార్లు కొట్టండి, అయిపోతుంది. నేనెప్పుడూ అదే చేస్తాను. ముట్టుకోకుండా పని జరిగే పద్ధతి ఇంకేముంది?

పాతసోల్డర్: కీబోర్డుకు సరే. అక్కడ గాలి ఒక సందులో దూరి ఇంకో సందులోంచి బయటపడుతుంది, దుమ్మునూ తీసుకుపోతుంది. ఫోన్ జాలీ వెనక అలాంటి దారి లేదు. ఉన్నది మూసిన చిన్న గది. లోపలికి కొట్టిన గాలి దుమ్మును ఆ గదిలోకే తోస్తుంది. నీళ్లు చొరబడకుండా చేసిన ఫోన్లలో చాలావాటికి జాలీ వెనక పలచటి పొర కూడా ఉంటుంది. గట్టి గాలికి అది ఊడినా చిరిగినా బయటికి కనబడదు, ఆ తర్వాత తడి తగిలినప్పుడే తెలుస్తుంది. ఐఫోన్‌కు ఈ గాలి డబ్బాలు వాడొద్దని ఆపిల్ సూచనల్లోనే ఉంది. పైగా డబ్బా కాస్త వంగితే గాలికి బదులు చల్లటి ద్రవం చిమ్ముతుంది.

నీలిగొడుగు గారూ, ముందు ఒక చిన్న పని చేయండి. ఏదైనా వాయిస్ మెసేజ్‌ను ఫోన్ చెవికి ఆనించి వినండి. సౌండ్ ఎంతలో పెట్టారో గుర్తుంచుకోండి. శుభ్రం చేశాక అదే మెసేజ్, అంతే సౌండ్‌తో మళ్లీ వినాలి. ఈ పోలిక లేకపోతే బాగైందో, బాగైనట్టు అనిపిస్తోందో తేలదు.

ఇనుపరజను: సూది గురించి నేను చెప్పాలి. నాది లేత్ మెషిన్ పని. కింది స్పీకర్ మూసుకుపోతే గుండుసూదితో ఒక్కో రంధ్రం పొడిచాను. ఆ రోజు సౌండ్ నిజంగానే పెరిగింది, సంబరపడ్డాను. రెండు వారాలకు పాట పెడితే గరగర. విప్పి చూస్తే జాలీకి చిల్లు, దాంట్లోంచి ఇనుప రజను లోపలికి చేరి స్పీకర్ అయస్కాంతానికి గడ్డంలా పట్టుకుని ఉంది. ఎంత దులిపినా వదల్లేదు, స్పీకర్ మార్చాల్సి వచ్చింది.

వెన్నెలమెట్టు: నాదీ ఇదే సమస్య! నా మాట అవతలివాళ్లకు వినబడట్లేదు. కింద ఒంటరిగా ఒక చిన్న రంధ్రం ఉంది, సిమ్ పిన్ సరిగ్గా పడుతోంది. మెల్లగా తిప్పమంటారా?

పాతసోల్డర్: వద్దమ్మా, ఆపేయండి! అది స్పీకర్ కాదు, మైకు. మీ సమస్య వేరు. ఆ రంధ్రం వెనకున్నది మైకు పొర, పిన్ తగిలితే దాని పని అంతటితో సరి. సిమ్ పిన్ సిమ్ ట్రే రంధ్రంలోకి తప్ప ఇంక దేంట్లోకీ వెళ్లకూడదు. ముందు కవర్ తీసి మాట్లాడి చూడండి, దాని అంచు రంధ్రాన్ని మూస్తూ ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. చెవి దగ్గర జాలీలో పేరుకునేది ఉత్త దుమ్ము కాదు. చెంప జిడ్డు, చెమట, పౌడరు కలిసి మైనంలా గట్టిపడతాయి. అందుకే ఊదితే కదలదు. ఇక్కడ నేను పాటించేది ఒకటే: చేసే బలమంతా బయటి వైపే ఉండాలి, తడి ఉండకూడదు.

ఫోన్ ఆపి జాలీ నేల వైపు ఉండేలా పట్టుకోండి. కొత్త మెత్తటి టూత్‌బ్రష్ పొడిగానే తీసుకుని సందు పొడవునా అడ్డంగా, తేలిగ్గా పది పదిహేను సార్లు లాగండి. కుచ్చులు నిటారుగా గుచ్చొద్దు. రాలిందంతా కిందికే పడుతుంది. తర్వాత మాస్కింగ్ టేపు ముక్కను జిగురు వైపు బయటికి ఉండేలా చుట్టి, జాలీ మీద అద్ది నిటారుగా ఎత్తండి. రుద్దొద్దు. ప్రతిసారీ కొత్త ముక్కే వాడండి. టేపు రంధ్రాల్లోకి దిగలేదు, అందుకే దాన్ని ముందు చెబుతున్నాను.

ఇంకా మిగిలితేనే పోస్టర్లు అంటించే పుట్టీ. శనగగింజంత తీసుకుని తేలిగ్గా ఒత్తి, వెంటనే ఎత్తి, టార్చి వెలుగులో చూడండి. జాలీ అచ్చు పడి దాని మీద గోధుమరంగు చుక్కలుంటే పని జరుగుతోంది. పుట్టీయే చిన్న మొటిమల్లా పొడుచుకొచ్చిందంటే ఎక్కువ ఒత్తారు, అది రంధ్రాల్లోకి దిగుతోంది. వేడికి మెత్తబడిన పుట్టీ తెగి అక్కడే ఉండిపోతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే వాడాలి.

తుఫాన్‌మెయిల్: సరే, డబ్బా వద్దన్నారు, ఒప్పుకుంటాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఏమైంది? సర్క్యూట్ బోర్డులే దాంతో కడుగుతారు, క్షణాల్లో ఆరిపోతుంది.

పాతసోల్డర్: బోర్డుకు మంచిదే, నేనూ వాడతాను. జాలీ మీద పోస్తే జిడ్డు కరిగి బురదవుతుంది. సన్నటి రంధ్రాలు ఆ బురదను లోపలికి పీల్చుకుంటాయి, ఆల్కహాల్ ఆరిపోయాక మురికి అక్కడే గడ్డకడుతుంది. జాలీని పట్టి ఉంచే జిగురు కూడా మెత్తబడవచ్చు.

రేకులపెట్టె: ఇక్కడ నేను ఒప్పుకోను. పోయడం తప్పే, కానీ బ్రష్ కొసను ఆల్కహాల్‌లో ముంచి, గుడ్డకు ఒత్తి, దాదాపు ఆరిపోయాక వాడితే జిడ్డు పట్టు వదులుతుంది. నేను చాలా ఫోన్లకు ఇలాగే చేశాను, ఏదీ పాడవలేదు.

పాతసోల్డర్: మీ చేతికి ఆ అంచనా ఉంది. మొదటిసారి చేసేవారికి ఎంత ఒత్తితే ‘దాదాపు ఆరినట్టో’ ఎలా తెలుస్తుంది?

రేకులపెట్టె: గోరు మీద రాస్తే తడి మెరవకూడదు. అంతకంటే కష్టమేం లేదు. మీ పుట్టీకీ అంచనా కావాలి కదా!

వానపిట్ట: బుర్రుమని శబ్దం చేసే యాప్‌లు ఉన్నాయిగా, అవి పెడితే సరిపోదా?

రేకులపెట్టె: అవి జాలీలో చేరిన నీటి చుక్కల్ని విదిలించడానికి. అంటుకున్న జిడ్డుకు పనికిరావు.

నీలిగొడుగు: చేశాను. బ్రష్‌కు పెద్దగా ఏమీ రాలేదు. టేపు ఆరు ముక్కలు పట్టింది, మొదటి మూడూ నల్లగా వచ్చాయి. పుట్టీ రెండుసార్లు అద్దాను, మొటిమలు రాలేదు. అదే వాయిస్ మెసేజ్ పెడితే ముందు ఫుల్ సౌండ్‌లో విన్నంత ఇప్పుడు సగంలోనే వినబడుతోంది. కానీ ఎడమ చివర కొంచెం నల్లగానే ఉంది. ఇంకా లాగాలా? వాక్యూమ్ క్లీనర్ పెడితే వస్తుందా?

తుఫాన్‌మెయిల్: వాక్యూమ్ అయితే బయటికే లాగుతుంది, మీ సూత్రం ప్రకారం సరైనదే కదా పాతసోల్డర్ గారూ?

పాతసోల్డర్: దిక్కు సరైనదే, బలం ఎక్కువ. గొట్టం నేరుగా ఆనిస్తే ఆ పలచటి పొరను కూడా లాగుతుంది. కొందరు దూరంగా పెట్టి వాడతారు, నేను మాత్రం సలహా ఇవ్వను.

ఒక్క మాట. జాలీ టార్చి వెలుగులో తళతళలాడుతూ, సౌండ్ మాత్రం మునుపటంతే ఉంటే లేదా తగ్గితే మురికి లోపలికి పోయిందని అనుమానించాలి. మీకు సౌండ్ పెరిగింది కాబట్టి ఆ భయం లేదు. ఎడమ చివర వేలితో తడిమి చూడండి, అది నిజంగా జాలీయేనా?

నీలిగొడుగు: అయ్యో, కాదు! టెంపర్డ్ గ్లాస్ అంచు సందులో పావు వంతు మీదికి వచ్చి ఉంది. నల్లగా కనిపించింది దాని జిగురుకు పట్టిన దుమ్ము. గ్లాస్ తీసేశాను.

వెన్నెలమెట్టు: కవర్ తీస్తే నా గొంతు వినబడుతోందట. పిన్ తిప్పనందుకు ఇప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

రేకులపెట్టె: పాతసోల్డర్ గారూ, ఆల్కహాల్ సంగతి మాత్రం నేను వదల్లేదు. పాత ఇయర్‌పీస్ మెష్ ఒకటి ఉంది, సగం నా పద్ధతిలో, సగం పుట్టీతో చేసి రెండు వైపులా ఫొటో పెడతాను.

పాతసోల్డర్: పెట్టండి. వెనక వైపు ఫొటో దగ్గర్నుంచి తీయండి.