ఇరవై తొమ్మిదో ఏట శాటర్న్ రిటర్న్: 2028 వరకు ఆగమన్నారు, నిజమేనా?

ఆరుద్ర (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. నేను 1996 మార్చి 27న సాయంత్రం 6.20కి గుంటూరులో పుట్టాను. కన్యా లగ్నం, మిథున రాశి, ఆరుద్ర నక్షత్రం. మావారు 1992 నవంబరులో పుట్టారు. 2022 మే నెలలో మా పెళ్లి జరిగింది. పోయిన ఏడాది వేసవిలో అత్తగారు, మామగారు మాతో ఉండడానికి వచ్చాక ఇంటి ఖర్చు ఎవరు ఎంత భరించాలన్న విషయంలో గొడవలు మొదలయ్యాయి. సెప్టెంబరులో మావారికి పుణెకు బదిలీ అయింది. నేను ఇక్కడి ఉద్యోగం వదులుకోలేదు. ఇద్దరి పేర్లతో ఫ్లాట్ కొందామన్న ఆలోచన అక్కడే ఆగిపోయింది.

పాశ్చాత్య పద్ధతిలో జాతకం చూసే ఒకరిని ఆన్‌లైన్‌లో సంప్రదించాను. ఆయన నేను పుట్టిన సంవత్సరం అడిగి, నాకు శాటర్న్ రిటర్న్, అంటే శని నా పుట్టుకలో ఉన్న చోటికే తిరిగి రావడం, నడుస్తోందని, అది 2028 ఏప్రిల్ వరకు ఉంటుందని, ఈ కాలంలో చిన్న వయసు పెళ్లిళ్లు నిలవడం కష్టమని, అప్పటిదాకా ఇల్లు, పిల్లలు, ఉద్యోగ మార్పు వంటివేవీ తలపెట్టవద్దని చెప్పారు. రెండేళ్లకు పైగా అన్నీ ఆపుకొని కూర్చోవడం మా వల్ల అవుతుందా అని భయంగా ఉంది. ఈ లెక్క సరైనదేనా, తెలిసినవారు చెప్పగలరు.

తెనాలి పెద్దమ్మ:
అమ్మా, పేరు ఇంగ్లీషులో పెట్టారు కానీ ఇది మన ఏలినాటి శనే. శని మీనంలో ఉన్నాడు, నీ పుట్టుకలోనూ మీనంలోనే ఉండి ఉంటాడు. ముప్పై ఏళ్లకోసారి ఏడున్నరేళ్లు పట్టి పీడించడం ఆయన స్వభావం. మా రెండో అమ్మాయికి కూడా పెళ్లైన మూడో ఏట ఇలాగే పట్టింది. శనివారం శనికి తైలాభిషేకం చేయించు, నువ్వులు దానం ఇవ్వు. నిమ్మళిస్తుంది.

పంచాంగ గణితం (రాజమహేంద్రవరం):
పెద్దమ్మ గారు చెప్పిన దానిలో ముప్పై ఏళ్ల మాట, మీనం మాట సరైనవి. కానీ ఏలినాటి శనిని చంద్రుడి నుంచి లెక్కిస్తాం. శని జన్మరాశికి పన్నెండో ఇంట్లోకి వచ్చినప్పుడు మొదలై, రెండో ఇల్లు దాటినప్పుడు ముగుస్తుంది. శని ఇప్పుడు మీనంలో ఉన్నాడు కాబట్టి అది కుంభ, మీన, మేష రాశుల వారికి నడుస్తోంది. ఆరుద్ర గారిది మిథునం, వారికి శని పదో ఇంట్లో ఉన్నాడు. ఏలినాటి శని గానీ, అష్టమ శని గానీ, అర్ధాష్టమ శని గానీ వారికి లేదు.

శాటర్న్ రిటర్న్‌కు చంద్రుడితో పని లేదు. పుట్టినప్పుడు శని ఏ డిగ్రీలో ఉన్నాడో సరిగ్గా ఆ డిగ్రీకి తిరిగి రావడమే దాని అర్థం. శని రాశిచక్రం ఒకసారి చుట్టి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. పుట్టుకలో శని చంద్రుడున్న రాశిలోనో, దానికి ముందు వెనుక రాశుల్లోనో ఉన్నవారికి మాత్రం ఈ రెండూ కలిసి వస్తాయి. అందుకే చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

అమ్మా ఆరుద్రా, ఇక మీ సంగతికి వస్తాను. మీకు 2028 అని చెప్పినాయన మీ జాతకం చూడలేదనీ, సంవత్సరాల పట్టిక చూసి చెప్పారనీ నాకు అనిపిస్తోంది. సాయన లెక్కలో, అంటే పాశ్చాత్యులు వాడే రాశిచక్రంలో, శని 1996 ఏప్రిల్ 7న మేషంలో ప్రవేశించాడు. పట్టికల్లో 1996 అనగానే మేషం అని ఉంటుంది. ఇప్పుడు శని అదే మేషంలో 2028 ఏప్రిల్ వరకు సంచరిస్తాడు కాబట్టి ఆ తేదీ చెప్పేశారు. మీరు పుట్టింది ఆ ప్రవేశానికి పదకొండు రోజుల ముందు. అప్పటికి శని సాయన మీనంలో 28 డిగ్రీలు దాటి, 29కి చేరువలో ఉన్నాడు. పది పన్నెండు రోజుల తేడాతో మీ లెక్క రెండేళ్లు జరిగిపోయింది.

శని ఏటా సుమారు నాలుగున్నర నెలలు వక్రిస్తాడు. అందువల్ల ఒకే డిగ్రీని కొందరికి ఒక్కసారి, కొందరికి మూడుసార్లు దాటుతాడు. మీకు మూడుసార్లు దాటాడు: 2025 మే రెండో వారంలో ముందుకు వెళ్తూ, సెప్టెంబరు మూడో వారంలో వక్రంలో వెనక్కి వస్తూ, మళ్లీ 2026 జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో రుజుమార్గంలో. ఆ పద్ధతి ప్రకారమే చూసినా మీ శాటర్న్ రిటర్న్ ఘట్టాలు మూడూ అయిపోయాయి. మన నిరయన లెక్కలో రాశుల పేర్లు సుమారు 24 డిగ్రీలు జరుగుతాయి కాబట్టి మీ శని మీనంలో 5 డిగ్రీల దగ్గర కనిపిస్తాడు గానీ, ఈ మూడు తేదీలు మాత్రం నాలుగైదు రోజులకు మించి మారవు. మీరు స్వయంగా సరిచూసుకోవాలంటే జాతకంలో శని డిగ్రీ, నిమిషాలు రాసుకొని, గ్రహాల రోజువారీ స్థానాలు ఇచ్చే పట్టిక, అంటే ఎఫిమెరిస్, 2025, 2026 సంవత్సరాలది తీసుకొని, అందులో అదే అంకె ఏయే తేదీల్లో వచ్చిందో వెతకండి. జాతకం సాయనమైతే ఎఫిమెరిస్ కూడా సాయనమే తీసుకోవాలి. ఒకటి అదీ, ఒకటి ఇదీ తీసుకుంటే లెక్క తప్పుతుంది.

డల్లాస్ నుంచి:
మా విషయం కూడా చెప్పాలనిపించింది. నేను 1990 ఆగస్టులో పుట్టాను, నా భార్య అదే ఏడాది నవంబరులో. ఇంజనీరింగులో సహాధ్యాయులం. ఇరవై ఐదేళ్లకే పెళ్లి చేసుకున్నాం. 2019లో ఆమె ఎమ్మెస్ చదువుకు, నేను ఉద్యోగం కోసం వేర్వేరు రాష్ట్రాల్లో ఉండవలసి వచ్చింది. ఆ ఏడాది చివరికి విడిపోయే దాకా వెళ్లి, ఎలాగో నిలబడ్డాం. ఇద్దరికీ ఒకేసారి శాటర్న్ రిటర్న్ వస్తే పెళ్లి తప్పక విరుగుతుందని అప్పట్లో ఇక్కడి స్నేహితురాలు ఒకరు చెప్పారు. ఆరుద్ర గారూ, మీ ఇద్దరికీ ఒకేసారి రాకుండా చూసుకోండి.

పంచాంగ గణితం:
రాకుండా చూసుకోవడానికి అది పుట్టిన తేదీతో ముడిపడినది కదండీ. కానీ మీ ఉదాహరణ ఆసక్తిగా ఉంది. 1990లో శని సెప్టెంబరు వరకు వక్రంలో వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు కదిలాడు. అందువల్ల ఆగస్టులో పుట్టిన మీకూ, నవంబరులో పుట్టిన ఆమెకూ దాదాపు ఒకే డిగ్రీ, సాయన మకరంలో 20 దగ్గర, పడింది. ఇద్దరికీ 2019 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు రిటర్న్ నడిచింది. సమవయస్కుల దాంపత్యంలో ఇద్దరూ ఒకే కాలంలో తమ బతుకును తిరిగి లెక్క వేసుకుంటారనీ, ఎవరికీ ఎదుటివారిని మోసే ఓపిక ఉండదనీ పాశ్చాత్య జ్యోతిషులు అంటారు. తప్పక విరుగుతుందని మాత్రం ఏ పద్ధతీ చెప్పదు.

ఆరుద్ర గారి భర్తకు ఇది 2021 వేసవి నుంచి 2022 జనవరి వరకు జరిగి ముగిసింది. పెళ్లి ఆ తరువాత నాలుగు నెలలకు. ఆయన తన రిటర్న్ దాటి వచ్చి పెళ్లి చేసుకున్నారు, ఆమె మాత్రం పెళ్లైన మూడో ఏట దానిలోకి అడుగుపెట్టారు. ఇలాంటి జంటల్లో ఒకరు స్థిరపడ్డామనుకుంటున్న సమయంలో రెండోవారు, ఇది నేను ఎంచుకున్నదా, ఒప్పుకున్నదా అని అడగడం మొదలుపెడతారని చెబుతారు. శనికి వాళ్లు ఇచ్చే ముఖ్యమైన అర్థం బాధ్యత, హద్దు. అందుకే పరీక్ష ప్రేమ మీద కన్నా, మాట్లాడుకోకుండా వదిలేసిన ఒప్పందాల మీద వస్తుందంటారు. ఖర్చు ఎవరిది, అత్తమామలను చూసేది ఎవరు, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు కదలాలి అన్నవి మీరు రాసిన మూడు గొడవల్లోనూ ఉన్నాయి.

లెక్కల లెక్చరర్ (హనుమకొండ):
క్షమించాలి, ఒక అభ్యంతరం. డేవిడ్ వోయాస్ అనే పరిశోధకుడు ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లోని సుమారు కోటి జంటలను పరిశీలించి, జ్యోతిషానికీ పెళ్లిళ్లకూ సంబంధం లేదని 2007లో తేల్చారు. ఇక ఈ చర్చ దేనికి? పైగా ఇరవై ఏడు నుంచి ముప్పై ఏళ్ల మధ్య మనవాళ్లకు పెళ్లి, మొదటి బిడ్డ, గృహ రుణం, తల్లిదండ్రుల అనారోగ్యం అన్నీ వస్తాయి. గొడవ ఎప్పుడు వచ్చినా శని మీదకు నెట్టవచ్చు.

పంచాంగ గణితం:
మీ రెండో మాటను పూర్తిగా అంగీకరిస్తాను, మొదటిదాన్ని కొంచెం సవరిస్తాను. వోయాస్ పరిశీలించింది సూర్య రాశులను. ఏ రాశివారు ఏ రాశివారిని ఎక్కువగా పెళ్లాడుతున్నారో చూసి, ప్రత్యేకత ఏమీ లేదని తేల్చారు. శని సంచారాన్ని అందులో పరీక్షించలేదు. అలాగని శాటర్న్ రిటర్న్ రుజువైందని నేను అనడం లేదు. ఒక రాశిలో శని సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. ఆ రాశి మొత్తాన్ని రిటర్న్ అంటే ఆ కాలంలో పుట్టిన వారందరికీ ఒకే ఫలితం చెప్పినట్టే, అందులో ఏదో ఒక సంఘటన ఇమడక తప్పదు. అందుకే నేను డిగ్రీ తేదీలకు ఇటు మూడు వారాలు, అటు మూడు వారాలు మాత్రమే చూస్తాను. అదీ, తేదీలు తెలియక ముందే రాసిపెట్టుకున్న సంఘటనలతోనే పోల్చమంటాను. తేదీ తెలిశాక గుర్తు తెచ్చుకునే జ్ఞాపకాలు ఆ తేదీ వైపే జరుగుతాయి.

ఆరుద్ర:
పంచాంగ గణితం గారికి కృతజ్ఞతలు. మీ మాట చదివాక నా ఫోనులో వెతికాను. అత్తగారు వచ్చింది 2025 మే 4న, మావారి బదిలీ ఉత్తర్వు సెప్టెంబరు 12న. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. అన్నిటికన్నా పెద్ద గొడవ జరిగింది నవంబరు మొదటి వారంలో, దీపావళి వెళ్లిన రెండు వారాలకు. అది ఏ తేదీకీ దగ్గరగా లేదు. ఇంకో సందేహం కూడా ఉంది. మా ఊరి సిద్ధాంతి గారు నాకు శని సప్తమంలో ఉన్నాడన్నారు, ఆన్‌లైన్ జ్యోతిషుడు ఆరో ఇల్లు అన్నారు. రెండింటిలో ఏది సరైనది?

పంచాంగ గణితం:
రెండు తేదీలు సరిపోయాయి, ఒకటి తప్పింది, అసలు పెద్ద గొడవ ఆ తేదీలకు వెలుపల పడింది. దీన్ని నేను అనుకూలంగా మలచను. ఇళ్ల విషయంలో ఎవరి లెక్క వారికి సరైనదే. నిరయనంలో మీది కన్యా లగ్నం, మీనం సప్తమం, శని అక్కడే ఉన్నాడు, పైగా సప్తమంలో శనికి దిగ్బలం కూడా. సాయనంలో మీ లగ్నం తులలో పడుతుంది, అప్పుడు మీనం ఆరో ఇల్లు, అంటే కొలువు, సేవ. మీరు ఒక అరగంట ముందు పుట్టి ఉంటే సాయనంలోనూ సప్తమమే అయ్యేది. కాబట్టి ఆ 6.20 ఆసుపత్రి చీటీ మీద ఉన్నదా, ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకున్నదా అని మీ అమ్మగారిని ఒకసారి అడగండి. ఈ రెండింటిలో ఏది దాంపత్యానికి వర్తిస్తుందో పండితుల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

తెనాలి పెద్దమ్మ:
నాయనా, అంటే మీనం వదిలేదాకా పెళ్లి స్థానంలో శని ఉన్నట్టేగా? 2027 జూన్ వరకు జాగ్రత్త అవసరం కాదా?

పంచాంగ గణితం:
రాశిని బట్టి చూసే పద్ధతిలో అలా చెప్పేవారు ఉన్నారు పెద్దమ్మా. నేను డిగ్రీని బట్టి చూస్తాను. ఇక్కడ మన దారులు వేరు.

ఆరుద్ర:
అమ్మను అడిగాను. 6.20 అన్నది నాన్నగారి చేతి గడియారం సమయమట, ఆసుపత్రి కాగితం దొరకడం లేదు. ఫ్లాట్ విషయం మాత్రం ఈ శనివారం మావారు పుణె నుంచి వచ్చినప్పుడు మాట్లాడుకుంటాం. వాయిదాలో ఎవరి వాటా ఎంత, అత్తగారివాళ్లు ఏడాదిలో ఎన్ని నెలలు ఇక్కడ ఉంటారు అన్న రెండు ప్రశ్నలు ముందుగానే రాసి ఆయనకు పంపాను. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.