"ఉత్తర చూసి ఎత్తర గంప": ఏ గంప?

పదకోశం: ఊరి గ్రంథాలయానికి వచ్చే పెద్దల కోసం చిన్న వ్యాసం రాస్తున్నాను. వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు అన్నది విషయం. చివర కొన్ని మాటలకు అర్థాలు ఇస్తాను. మధ్యలో ఒక కార్తె సామెత పెట్టాలని ఉంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నంత వరకే గుర్తుంది. రెండో పాదం ఏమిటి? ఆ గంప దేనికి?

పాతపంచాంగం: "విశాఖ చూసి విడవరా కొంప". ఉత్తర కార్తె వచ్చినా వాన లేకపోతే సామాను గంపకెత్తి వలస పొమ్మని. కొందరు "ఎత్తరా" అని సాగదీస్తారు. ఉత్తర, ఎత్తర అని హ్రస్వంతో అంటేనే అందం.

ఉలవచేను: మా పెద్దలు విత్తనాల గంప అనే చెప్పేవారు. ఉత్తరలో పదును చూసి ఉలవలు చల్లమని. ఊరు వదిలేవాడు మూట కడతాడు, గంప ఎత్తడు.

పాతపంచాంగం: మరి "విడవరా కొంప" పక్కన విత్తనాలకు చోటెక్కడిది? రెండు పాదాలదీ ఒకే దిగులు.

గోదారిగట్టు: నిరుడు ఉత్తరలో మా ఊరు మునిగింది. సామెత తప్పిందంటే శీతోష్ణస్థితి మారినట్టే కదా! వ్యాసంలో ఇదే రాయండి.

వానకొలత: అలా రాయవద్దని కోరుతున్నాను. మీ ఊరు మునగడం ఆ వారపు వాతావరణం. ఉత్తరలో ఎంత వాన ఆశించవచ్చో చెప్పేది శీతోష్ణస్థితి. దానికి కనీసం 30 ఏళ్ల లెక్క కావాలి. శీతోష్ణస్థితి మారుతున్న మాట నిజమే, కానీ ఒక్క ఏడాది దానికి సాక్ష్యం కాదు.

2019 తీసుకోండి. దేశం మొత్తం మీద జూన్‌లో వాన సగటు కన్నా మూడో వంతు తగ్గింది. మృగశిర, ఆరుద్రలు చూసి కరువు ఏడాది అనుకున్నవారు ఎందరో. సెప్టెంబరులో సగటుకు ఒకటిన్నర రెట్లు కురిసింది. నైరుతి కాలం ముగిసేసరికి మొత్తం వాన సగటులో 110 శాతానికి చేరింది. సామెత మృగశిరను కాక ఉత్తరను ఎందుకు ఎంచుకుందో ఇక్కడ తెలుస్తుంది. సెప్టెంబరు మధ్యకు నైరుతి కాలం చివరికొస్తుంది, అప్పటికీ లోటుంటే తీరే అవకాశం తక్కువ. ఒక్క ఏడాది చూసి ఆ మాట పుట్టదు. తరతరాల వానలు చూసినవారు చెప్పిన మాట అది.

నెల్లూరితీరం: మా జిల్లాలో ఉత్తర ఎండినా ఎవరూ గంప ముట్టరు. మా అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. విశాఖ కార్తె నవంబరులో వస్తుంది. అప్పటికీ చెరువు నిండకపోతేనే మాకు గుండె దడ. మొదటి పాదం నైరుతిని నమ్ముకున్న సీమలకు, రెండోది మాకు అని నా నమ్మకం.

పాతపంచాంగం: ఊహ బాగుంది, కానీ రెండూ జంటగానే వినబడతాయి. ఇంకో మాట. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, రుతువులను బట్టి కాదు. దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడతాయి. సామెత 500 ఏళ్లనాటిదైతే అప్పటి ఉత్తర ఇప్పటికన్నా వారం ముందే, సెప్టెంబరు మొదటి వారంలోనే వచ్చేది. పల్నాటి మీద శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో జొన్నలూ సజ్జలే కనిపిస్తాయి. ఒక ప్రయాణంలో ఎదురైన ఎండను తిట్టిపోయిన కవి కాదు ఆయన, ఆ నేల ఏళ్ల తరబడి ఏం పండిస్తుందో చెప్పాడు. వరి దొరకని సీమ ఎలా ఉంటుందో...

గోదారిగట్టు: శ్రీనాథుడి దాకా వెళ్లామా! నాకు ఆయన కాశీ వర్ణనలే ఇష్టం.

పదకోశం: వానకొలత గారూ, "సాధారణ వర్షపాతం" అంటే ఎప్పుడూ కురిసే వాన అని చదువరులు అనుకుంటారేమో. ఎలా రాయాలి?

వానకొలత: అది సగటు అనే రాయండి. నైరుతి కాలానికి దేశ సగటు 87 సెంటీమీటర్లు, 1971 నుంచి 2020 వరకు లెక్కగట్టింది. కచ్చితంగా అంతే కురిసిన ఏడాది అరుదు. మొత్తం 96 నుంచి 104 శాతం మధ్య ఉంటే వాతావరణ శాఖ సాధారణం అంటుంది. అది దేశం మొత్తానికి చెప్పే మాట. అదే ఏడాది ఒక జిల్లా ఎండిపోయి ఉండవచ్చు. మెట్ట సీమల్లో సగటు మరీ మోసం చేస్తుంది, రెండు మంచి ఏళ్లు ఐదు ఎండు ఏళ్లను కప్పేస్తాయి. పత్రికల్లో "వాతావరణ మార్పు" అన్నది కూడా నిజానికి శీతోష్ణస్థితి మార్పే. పదకోశంలో రెండూ పక్కపక్కన పెట్టండి, పత్రిక చదివేవారికి తికమక ఉండదు.

ఉలవచేను: అదంతా సరే. ఉత్తరలో ఉలవలు చల్లడం ఇప్పటికీ చూస్తున్నాను, గంపతోనే చల్లుతారు. రెండో పాదాన్ని సీమ పల్లెల్లో ఎవరి నోటనైనా విన్నారా? మా ఊళ్లో మొదటి పాదం ఒక్కటే వాడుక.